వైఫై కలుస్తది, పేజీ రాదు: మాక్‌లో చూడాల్సిన ఒక్క నెంబరు

పోస్టు కొంచెం పొడుగైంది. పాత ల్యాప్‌టాప్ వాడేటోళ్ళు, హాస్టల్ వైఫై మీద స్కాలర్‌షిప్ అప్లికేషన్లు నింపేటోళ్ళు నిదానంగ చదవండి.

నేను మన్ననూర్‌ల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా దిక్కు అన్న ఒకాయన తను వాడిన 2015 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను మా హాస్టల్ పిల్లలకు ఇచ్చిండు. ఈపాస్‌లో రెన్యూవల్ చేసుకోవాలన్నా, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలన్నా ఇప్పుడు అందరం దాని మీదనే చేస్తం. ఫోన్‌లో చేసేటోళ్ళు ఉన్నరు గాని, పీడీఎఫ్ సైజు తగ్గించుడు, ఫారం మొత్తం ఒక్కసారి చూసుకునుడు పెద్ద స్క్రీన్ మీద అయితేనే అల్కగ అయితది.

ఈ మధ్య ఆ మాక్‌కు ఒక జబ్బు పట్టుకుంది. వైఫై పేరు మీద నొక్కితే, పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ అయినట్టే చూపిస్తది. సిగ్నల్ గీతలు కూడా నిండుగ ఉంటయి. కానీ బ్రౌజర్‌లో ఏ పేజీ తెరిచినా గీత కొంచెం కదిలి ఆగిపోతది. పక్కనే కూసున్న దోస్తు ఫోన్‌లో అదే వైఫై మీద వీడియో మంచిగ ఆడుతుంటది. దాంతోటి అందరూ అన్న మాట ఒకటే, "మాక్ పాతదైంది, ఖరాబైంది" అని. రెండో సంవత్సరం తమ్ముడు ఒకడు పెంట నుంచి వచ్చి మాతోటే ఉంటడు. వాని రెన్యూవల్‌కు తెల్లారితే చివరి తారీఖు. అచ్చంపేట నెట్ సెంటర్‌కు పోదమంటే అప్పటికే రాత్రి ఎనిమిది అయింది. కాబట్టి ఆ రాత్రి ఆ మాక్‌నే పట్టుకొని ఒక్కొక్కటి చూసుకుంట పోయినం.

ముందు ఒక ముచ్చట అర్థం చేసుకోవాలె. వైఫైకి కనెక్ట్ అవుడు వేరు, ఇంటర్నెట్ వచ్చుడు వేరు. పాస్‌వర్డ్ సరిగ్గ ఉంటే రూటర్ మన మాక్‌ను లోపలికి రానిస్తది, అంతవరకే. ఆ తర్వాత మాక్‌కు ఒక ఐపీ అడ్రస్ కావాలె. ఆ నెంబరు లేకుంటే పేజీ అడిగినా జవాబు ఎవరికి పంపాల్నో తెల్వదు. దీన్ని హాస్టల్ లెక్కతోనే చెప్పొచ్చు. గేటు దాటి లోపలికి వచ్చినంత మాత్రాన మంచం దొరకదు. సార్ రిజిస్టర్‌లో పేరు రాసి మంచం నెంబరు ఇయ్యాలె. రూటర్ దగ్గర కూడా అట్లాంటి రిజిస్టరే ఉంటది. ఆ నెంబర్లు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటరు. ఇది 1993లో వచ్చింది. ఇప్పుడు ఇండ్లల్ల, హాస్టళ్ళల్ల ఉండే రూటర్లు నడిచేది దీని మీదనే.

రూటర్ ఆ నెంబరును సొంతానికి ఇయ్యదు. మనం భూమి కౌలుకు తీసుకున్నట్టు కొంత గడువుకే ఇస్తది. ఇంగ్లీషులో దాన్నే లీజు అంటరు. గడువు సగం గడిచేసరికి మాక్ తనంతట తానే రూటర్‌ను అడిగి కౌలు పొడిగించుకుంటది. అందుకే మామూలు రోజుల్ల ఇదంతా మన కంట పడదు. ఆ నెంబరు దొరకనప్పుడే మనకు తెలుస్తది.

మాక్‌కు నెంబరు దొరికిందా లేదా అని చూసుడే మొదటి పని. మా మాక్‌లో మాంటెరీ ఉంది. అందులో System Preferences తెరిచి, Network లోపలికి పోయి, ఎడమ దిక్కు Wi-Fi మీద నొక్కి, కింద Advanced నొక్కి, TCP/IP అనే ట్యాబ్ చూడాలె. కొత్త మాక్‌లల్ల దారి కొంచెం వేరు. System Settings తెరిచి, Wi-Fi లో మన నెట్‌వర్క్ పేరు పక్కన Details నొక్కితే, అదే TCP/IP కనిపిస్తది.

అక్కడ మూడు వరుసలు చూస్తే చాలు. Configure IPv4 దగ్గర Using DHCP అని ఉండాలె. IPv4 Address దగ్గర ఒక నెంబరు ఉండాలె. Router దగ్గర రూటర్ నెంబరు ఉండాలె. మా హాస్టల్ రూటర్ నెంబరు 192.168.1.1. అంటే మాక్ నెంబరు కూడా 192.168.1 తోనే మొదలై, చివరన వేరే అంకె ఉండాలె.

మాకు కనిపించింది ఇది కాదు. Using DHCP సరిగ్గనే ఉంది గాని, అడ్రస్ 169.254 తో మొదలైంది. Router వరుస ఖాళీ. అసలు విషయం మొత్తం ఆ 169.254 లోనే ఉంది. మాక్ నెంబరు అడిగింది, అడిగింది, ఎవ్వరూ ఇయ్యలేదు. ఆఖరికి తనకు తానే ఒక నెంబరు పెట్టుకుంది. రిజిస్టర్‌లో పేరు ఎక్కని పిల్లగాడు గోడ మీద తానే ఒక నెంబరు రాసుకొని కూసున్నట్టు. ఆ నెంబరుతోటి బయటి ఇంటర్నెట్‌కు పోయే దారి ఉండదు. Network మొదటి పేజీలో కూడా self-assigned IP address అని మాక్ రాసి చూపిస్తది. ఆ మాట కనిపిస్తే బ్రౌజర్ మార్చుడు, హిస్టరీ తుడుచుడు, మాక్ ఫార్మాట్ చేసుడు అన్నీ దండుగ. జబ్బు అక్కడ లేదు.

అదే పేజీలో Renew DHCP Lease అని ఒక బటన్ ఉంటది. దాన్ని నొక్కితే మాక్ మళ్ళ మొదటి నుంచి "నాకొక నెంబరు ఇయ్యండి" అని అడుగుతది. అరనిమిషం ఆగి చూడాలె, వెంటవెంటనే పదిసార్లు నొక్కితే లాభం లేదు. చానా సార్లు ఇక్కడనే పని అయిపోతది. కరెంటు పోయి వచ్చినంక రూటర్, మాక్ ఒకరి లెక్క ఒకరికి తెల్వకుండ ఉన్నప్పుడు, ఈ ఒక్క బటన్‌తోటి సరైన నెంబరు వస్తది, పేజీలు తెరుసుకుంటయి. బటన్ దొరకకుంటే టెర్మినల్‌లో ఈ లైన్ కొట్టినా అదే పని చేస్తది. మాక్ పాస్‌వర్డ్ అడుగుతది, కొట్టేటప్పుడు అక్షరాలు కనబడవు, భయపడకండి.

```
sudo ipconfig set en0 DHCP
```

మాకు మాత్రం కాలేదు. నొక్కినం, ఆగినం, మళ్ళ 169.254 వచ్చింది. రెండోసారి కూడా అంతే. అంటే మాక్ అడుగుతనే ఉంది, ఇచ్చేటోడే ఇస్తలేడు. ఇప్పుడు చూడాల్సింది మాక్‌ను కాదు, రూటర్‌ను.

ఇది నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేసినం. పొద్దటి నుంచి వైఫై వాడని ఒక ఆండ్రాయిడ్ ఫోన్ తీసి అదే వైఫైకి పెట్టినం. అది కూడా ఐపీ అడ్రస్ తీసుకుంటున్న అని చూపించుకుంట అక్కడనే ఆగిపోయింది. ముందు నుంచి కనెక్ట్ అయి ఉన్న ఫోన్లు మాత్రం మంచిగ నడుస్తున్నయి. పాతోళ్ళకు నడుస్తుంది, కొత్తగ వచ్చినోళ్ళకు ఎవ్వరికీ దొరుకుత లేదు. అంటే రిజిస్టర్‌లో మంచాలు అయిపోయినయి అన్నట్టు.

వారం కింద కూడా ఇట్లనే అయితే ఎవరో రూటర్ ఆపి మళ్ళ పెట్టిండ్రు. ఆ రోజు మాక్ నడిచింది, తెల్లారి సాయంత్రానికి మళ్ళ మొదటికి వచ్చింది. అది కూడా ఇప్పుడు అర్థమైంది. చానా చిన్న రూటర్లు ఆ రిజిస్టర్‌ను మెమొరీలోనే పెట్టుకుంటయి. ఆపి పెడితే అది తుడిచిపెట్టుకపోతది, అప్పుడు ముందుగ అడిగినోళ్ళకు నెంబరు దొరుకుతది. తర్వాత మళ్ళ నిండుతది. రూటర్ ఆపి పెట్టంగనే బాగై, ఒక రోజుకే మళ్ళ ఆగిపోతే, అది ఈ జబ్బుకు పెద్ద గుర్తు.

వార్డెన్ సార్ దగ్గరికి పోయి చెప్పినం. "సార్, ల్యాప్‌టాప్ ఖరాబ్ కాలేదు. రూటర్‌లో నెంబర్లు అయిపోయినట్టున్నయి. మీరు ఒక్కసారి రూటర్ పేజీ తెరిస్తే చూద్దం" అని. సార్ ముందు నమ్మలేదు. "గింత మంది ఫోన్లు నడుస్తున్నయి గద రా" అన్నడు. రెండో ఫోన్ చూపించినంక సరే అన్నడు. తన ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, పాస్‌వర్డ్ పెట్టి లోపలికి పోయిండు. ఈ పేజీ ఒక్కో రూటర్‌కు ఒక్కో తీరుగ ఉంటది, కానీ LAN లేదా DHCP Server అనే పేరు వెతికితే దొరుకుతది.

అక్కడ లెక్క కండ్ల ముందట్నే ఉంది. నెంబర్లు 192.168.1.100 నుంచి 192.168.1.149 దాకా అని ఉంది. అంటే మొత్తం 50. లీజు గడువు 86400 సెకన్లు, అంటే సరిగ్గ 24 గంటలు. కింద నెంబర్లు తీసుకున్నోళ్ళ జాబితా ఉంది, అందులో 50 పేర్లు నిండి ఉన్నయి. మా హాస్టల్‌లో పిల్లల ఫోన్లే 45 దాకా ఉంటయి. దాని మీద సార్లవి, వంట మనుషులవి, టీవీ ఒకటి, ఈ మాక్ ఒకటి. ఆ రోజు కొందరు పిల్లల అమ్మానాయినలు కూడా వచ్చి పోయిండ్రు, వాళ్ళ ఫోన్లకూ వైఫై పెట్టిచ్చిండ్రు. వాళ్ళు పొద్దుననే బస్సెక్కి పోయిండ్రు గాని, వాళ్ళ నెంబర్లు మాత్రం తెల్లారి దాకా వాళ్ళ పేరు మీదనే ఉన్నయి. పిల్లగాడు ఊరికి పోయినా మంచం మీద వాని పేరు ఉన్నట్టు.

రూటర్ పెట్టినోళ్ళు చేసింది తప్పు పని అని కూడ అనలేం. నలుగురైదుగురు ఉండే ఇంటికి 50 నెంబర్లు, 24 గంటల గడువు బాగనే సరిపోతయి. మనుషులు వచ్చిపోయే హాస్టల్‌కు ఆ లెక్క సరిపోదు, అంతే.

సార్ రెండు మార్చిండు. మొదలు నెంబర్లను 192.168.1.20 నుంచి 192.168.1.219 దాకా పెంచిండు, అంటే 200. తర్వాత గడువును 7200 సెకన్లకు, అంటే 2 గంటలకు తగ్గించిండు. ఇప్పుడు ఎవరన్న వచ్చి పోతే రెండు గంటల్లనే వాళ్ళ నెంబరు ఖాళీ అయితది. ఉన్నోళ్ళకు ఏ తేడా తెల్వదు, ఎందుకంటే గంటకే వాళ్ళ ఫోన్ తనంతట తానే పొడిగించుకుంటది. గడువును ఐదు నిమిషాలకు తగ్గిస్తే ఇంకా మంచిది గద అని ఒక తమ్ముడు అడిగిండు. అట్ల చేస్తే అన్ని ఫోన్లు ఊకూకె రూటర్‌ను అడుగుతనే ఉంటయి, చిన్న రూటర్‌కు ఉత్తగ పని పెరుగుతది. రెండు గంటలు మాకు సరిపోయింది.

నెంబర్లు పెంచేటప్పుడు ఒకటి యాది పెట్టుకోవాలె. రూటర్ సొంత నెంబరు, 192.168.1.1, ఆ వరుసలో పడొద్దు. ప్రింటర్‌కో కెమెరాకో ఎవరన్న చేతితోటి నెంబరు పెట్టి ఉంటే అది కూడా పడొద్దు. ఒకటే నెంబరు ఇద్దరికి పోతే ఇద్దరికీ నెట్ ఆగి ఆగి వస్తది, కారణం దొరకక తల పట్టుకోవాలె. అందుకే సార్ 2 నుంచి 19 దాకా విడిచిపెట్టిండు.

మళ్ళ మాక్‌లో Renew DHCP Lease నొక్కినం. ఈసారి కొన్ని సెకన్లకే 192.168.1.63 వచ్చింది, Router దగ్గర 192.168.1.1 నిండింది, ఈపాస్ పేజీ తెరుసుకుంది. తమ్ముని ఫారం రాత్రి పదికి సబ్మిట్ అయింది. రశీదు పీడీఎఫ్‌ను వాని ఫోన్‌కు కూడా పంపినం. కొత్త గడువు నిజంగ వచ్చిందా అని టెర్మినల్‌లో ఇట్ల చూసినం.

```
ipconfig getpacket en0
```

పెద్ద జాబితా వస్తది, అందులో lease_time అనే ఒక్క లైన్ చూడండి. మాకు 0x1c20 అని వచ్చింది. అది పదహారు అంకెల లెక్కలో రాసిన 7200. పాత 24 గంటలదైతే 0x15180 అని ఉండేది. ఏ రూటర్ నుంచి నెంబరు వచ్చిందో కూడా అందులోనే server_identifier దగ్గర ఉంటది. ఎవరన్న ఇంకో రూటర్ తెచ్చి అదే వైరుకు పెట్టి ఉంటే అక్కడ వేరే నెంబరు కనిపిస్తది, అది ఇంకో రకం గొడవ.

సార్ ఆ రాత్రి ఊర్ల లేకుంటే ఏం చేసేటోళ్ళం అని కొందరు అడిగిండ్రు. ఒక దారి ఉంది. Configure IPv4 దగ్గర Using DHCP తీసి Manually పెట్టి, రూటర్ పంచే వరుసకు బయట ఉన్న నెంబరు మనమే రాయొచ్చు. మా పాత లెక్కలో 192.168.1.200 బయటనే ఉంది. Subnet Mask దగ్గర 255.255.255.0, Router దగ్గర 192.168.1.1 రాసి, DNS ట్యాబ్‌లో కూడా 192.168.1.1 పెడితే నెట్ వస్తది. కానీ ఇది ఆ పూటకు మాత్రమే. హాస్టల్ సార్లకు చెప్పే చెయ్యాలె, పని కాంగనే తిరిగి Using DHCP పెట్టాలె. అట్లనే వదిలేస్తే మాక్‌ను కాలేజీకి తీసుకపోయిన రోజు అక్కడి రూటర్ నెంబర్లు వేరే ఉంటయి, మళ్ళ వైఫై కలుస్తది, పేజీ రాదు. ఎవరో ఇచ్చిన పాత మాక్ అయితే మొదటి ఓనర్ ఇంటి నెంబరు ఇట్ల మిగిలిపోయి ఉండొచ్చు. అందుకే మొదలే ఆ వరుస చూడమన్నది.

ఇంకో రకం కూడా చెప్పాలె. మీ మాక్‌లో 192.168 తో మంచి నెంబరే ఉంది, Router కూడా నిండి ఉంది, అయినా పేజీ రాదు. అప్పుడు లీజు రెన్యూ చేసి లాభం లేదు. ఈ మూడు లైన్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి. మొదటి దాంట్ల మీ రూటర్ నెంబరు పెట్టుకోండి.

```
ping -c 4 192.168.1.1
ping -c 4 8.8.8.8
ping -c 4 google.com
```

ప్రతి దాని చివర packet loss అని ఎంత శాతమో వస్తది. మొదటిదే 100 శాతం పోతే మాక్‌కు రూటర్‌కు మధ్యల గొడవ. మొదటిది వచ్చి రెండోది రాకుంటే రూటర్ దాకా బాగుంది, బయటి లైన్ పోయింది. అడవిల లైన్ తెగినప్పుడు ఇదే కనిపిస్తది, లైన్ మనిషి వచ్చేదాక ఆగుడే. మొదటి రెండూ వచ్చి మూడోది పేరు దొరకలేదని చెప్తే అది డీఎన్ఎస్ గొడవ. అంటే దారి ఉంది, పేరును నెంబరుగ మార్చేటోడు లేడు. అప్పుడు అదే Advanced పేజీలో DNS ట్యాబ్ చూడండి. అక్కడ బూడిద రంగుల ఉన్న నెంబర్లు రూటర్ ఇచ్చినయి, నల్లగ ఉన్నయి ఎవరో చేతితోటి రాసినయి. పాత ఓనర్ ఆఫీసు నెంబరు నల్లగ మిగిలి ఉంటే దాన్ని మైనస్ గుర్తుతోటి తీసేసి, OK కొట్టి, వెనకకు వచ్చి Apply నొక్కండి.

ఇప్పుడు మా మాక్ మూత లోపల ఒక కాగితం అతికించినం. దాని మీద మూడే లైన్లు ఉన్నయి. 169.254 ఉంటే రెన్యూ నొక్కు. రెన్యూ చేసినా అదే వస్తే ఇంకో ఫోన్ పెట్టి చూడు, దానికీ రాకుంటే సార్‌కు రూటర్ జాబితా చూడమని చెప్పు. 192.168 ఉంటే మూడు పింగ్‌లు కొట్టు. మీ హాస్టల్ల రూటర్ నెంబరు వేరే ఉండొచ్చు, 192.168.0.1 అనో ఇంకోటో. అది మొదలు కనుక్కొని రాసుకోండి. మీ దగ్గర ఇట్లనే అయితే కామెంట్‌లో "నెట్ వస్తలేదు" అని మాత్రమే రాయకుండ, IPv4 Address దగ్గర ఏముంది, Router దగ్గర ఏముంది, రెన్యూ కొట్టినంక ఏం మారింది, ఈ మూడు రాయండి. తెలిసినంత వరకు నేను చూసి చెప్త.